లైకులు వచ్చాయి, మనుషులు రాలేదు!

ఆ ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలోని ఓ చిన్న పుస్తకాల షాపులో పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. కూర్చున్నది ముగ్గురం. ఒకరు షాపు ఓనరు. ఇంకొకరు వాళ్ళావిడ, మాకోసం ఫ్లాస్కులో టీ తెచ్చి అలాగే ఉండిపోయారు. మూడో మనిషిని నేను. ఆ వారం ఇన్‌స్టాలో పెట్టిన పోస్టుకి మాత్రం లైకులు బాగానే వచ్చాయి. హార్టులు, నమస్కారాలు, ‘సూపర్ సర్’లు. ఫోన్ చూస్తే పండగ, షాపు చూస్తే ఖాళీ.

‘‘ఈ నెలాఖరు దాకా చూసి ఆపేద్దాంలేమ్మా. కుర్చీలు తియ్యడం, వెయ్యడమే పనైపోయింది’’ అన్నారు బాబాయ్. ఓనర్‌ని నేను బాబాయ్ అనే పిలుస్తాను. ఇంజినీరింగ్ రోజుల్నుంచీ అక్కడే పుస్తకాలు కొనేదాన్ని, అరువు కూడా పెట్టేదాన్ని. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే నాకు నచ్చలేదు.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏదైనా పని చెయ్యకపోతే ముందు లాగ్స్ తెరిచి చూడటం అలవాటు. ఇక్కడ లాగ్ ఏముంటుంది? పోస్టు కింద రాసిన క్యాప్షనే. టీ తాగుతూ దాన్ని మొదటిసారి పూర్తిగా చదివాను. అవును, మొదటిసారే. అంతకుముందు నేను కూడా ఫొటో చూసి, లైకు కొట్టి, కిందికి జరిపేశాను. వారం వారం వచ్చే నేనే క్యాప్షన్ చదవకపోతే కొత్తవాళ్ళు చదువుతారా?

‘‘వచ్చేవారం క్యాప్షన్ నేను రాస్తా బాబాయ్’’ అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు మేం చేసిన తప్పులూ దిద్దుకున్న తీరూ ఇది. మీ ఊళ్ళో లైబ్రరీకో, మీ కాలేజీ బుక్ క్లబ్‌కో ఇలాంటి పోస్టు రాయాల్సి వస్తే పనికొస్తుంది.

‘సంతోష’ దగ్గర తెగిపోయింది

బాబాయ్ రాసిన పాత క్యాప్షన్ ఇలా మొదలయ్యేది:

‘పాఠక మిత్రులందరికీ హృదయపూర్వక నమస్కారాలు! మీ అందరి ఆదరాభిమానాలతో మన షాపులోకి సరికొత్త పుస్తకాలు వచ్చేశాయని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.’

మర్యాదగానే ఉంది. ఎవరూ తప్పు పట్టరు. కానీ ఇన్‌స్టా ఫీడ్‌లో క్యాప్షన్ మొత్తం కనపడదు కదా! మొదటి రెండు వరుసలు చూపించి, చివర మూడు చుక్కలు పెట్టి, ‘మోర్’ అని ఆపేస్తుంది. క్యాప్షన్‌కి మొత్తంగా 2,200 క్యారెక్టర్ల దాకా చోటుంది. బయటికి కనపడేది మాత్రం సుమారు 125 క్యారెక్టర్లేనని సాధారణంగా లెక్క వేస్తారు. ఫోన్ సైజుని బట్టి, అక్షరాల వెడల్పుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. పైగా ఆ మొదటి వరుసలోనే అకౌంట్ పేరు కూడా కూర్చుంటుంది. అది కొంత చోటు తినేస్తుంది.

125 అంటే చాలానే ఉందనిపిస్తుంది. ఇక్కడే తెలుగు మనల్ని మోసం చేస్తుంది. మన కంటికి ‘స్త్రీ’ ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది ఆరు ముక్కలు: స, హల్లు గుర్తు, త, మళ్ళీ హల్లు గుర్తు, ర, దీర్ఘం. ప్రతి గుణింతం, ప్రతి ఒత్తు లెక్కలోకి వస్తాయి. నేను బాబాయ్‌కి లాప్‌టాప్‌లో చేసి చూపించాను:

```
s = "కొత్త పుస్తకాలు వచ్చాయి"
print(len(s))   # 23
```

చదివితే తొమ్మిది అక్షరాలు. లెక్కలో ఇరవై మూడు, అందులో రెండు ఖాళీలు. బాబాయ్ కళ్ళజోడు సవరించుకుని ‘‘ఒత్తులకి కూడా అద్దె కట్టాలన్నమాట’’ అన్నారు.

తర్వాత ఆయన పాత క్యాప్షన్‌ని 125 దగ్గర కోసి చూశాం. సరిగ్గా ‘సంతోష’ దగ్గర తెగింది. అంటే బయటికి కనపడే చోటంతా నమస్కారానికీ, ఆదరాభిమానాలకీ అయిపోయింది. ఏ పుస్తకం వచ్చిందో లేదు. ఆదివారం కలుస్తున్నామన్న మాట అసలే లేదు. అది ఎనిమిదో పేరాలో, ‘కావున’తో మొదలయ్యే వాక్యంలో ఉంది. అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఎవరో నాకైతే తెలీదు. నేను మాత్రం వెళ్ళలేదు.

కాబట్టి మొదటి దిద్దుబాటు తేలిక. పలకరింపు తీసేయాలి. దుకాణానికి వచ్చిన మనిషికి నమస్కారం పెడతాం, సరే. ఫోన్‌లో బొటనవేలు జారుతూ పోయే మనిషికి ముందు విషయం చెప్పాలి. నమస్కారం కావాలంటే చివర పెట్టుకోవచ్చు.

ఒక క్యాప్షన్, రెండు పనులు

అసలు చిక్కు దీని తర్వాత వచ్చింది. మా క్యాప్షన్ రెండు పనులు చెయ్యాలి. కొత్తగా వచ్చిన పుస్తకాలు చెప్పాలి. వారం వారం జరిగే చదువుకునే కూటమికి పిలవాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మొదటి రెండు వరుసల్లో పుస్తకాల పేర్లు పెడితే పిలుపు కిందికి పోతుంది. పిలుపు పెడితే పుస్తకాలు కిందికి పోతాయి.

మొదటి వారం నేను తెలివిగా అనుకుని సగం సగం రాశాను. ‘నాలుగు కొత్త పుస్తకాలు, ఒక ఆదివారం మీట్’ అని. చదవడానికి బాగుంది, ఫలితం సున్నా. ఏ పుస్తకాలు? ఏం మీట్? రెండూ అస్పష్టంగానే ఉండిపోయాయి. ఆ వారం కూడా మేం ముగ్గురమే. టీ మాత్రం బాగుంది.

అప్పుడు బాబాయ్‌ని ఒక ప్రశ్న అడిగాను. ‘‘అసలు ఆదివారం మనం ఏం చదువుతున్నాం?’’

‘‘ఎవరికి నచ్చింది వాళ్ళు చదివొచ్చి మాట్లాడటమే కదమ్మా.’’

అదే గుట్టు. కొత్తగా వచ్చే మనిషికి ఇందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ఏం చదివి రావాలో తెలీదు, చదవకుండా వస్తే ఏమనుకుంటారో తెలీదు. క్యాప్షన్‌లో ఎంత అందంగా రాసినా, ఆ పిలుపు వెనక ఒక నిర్దిష్టమైన సాయంత్రం లేదు. దీన్ని మాటలతో సరిచెయ్యలేం, సాయంత్రాన్నే మార్చాలి.

మార్చాం. కొత్తగా వచ్చిన పుస్తకాల్లోంచి ఒకదాన్ని తీసుకుని, దాన్లో ఒక కథని అక్కడికక్కడే కూర్చుని చదవడం. ముందుగా ఎవరూ ఏమీ చదివి రానక్కర్లేదు. పుస్తకం కొననక్కర్లేదు. కథ చదవడానికి ఇరవై నిమిషాలు, తర్వాత దాని గురించి మాటలు.

నవల కాకుండా కథే ఎందుకంటే, నవలైతే రెండో వారం వచ్చినవాళ్ళకి మొదటి వారం ఏమైందో చెప్పాలి. ఒక వారం రాలేకపోయినవాళ్ళు మళ్ళీ రావడానికి మొహమాటపడతారు. కథకి ఆ బాధ లేదు. ప్రతి ఆదివారం కొత్తగా మొదలై అదే ఆదివారం అయిపోతుంది.

ఇలా మార్చగానే క్యాప్షన్‌లో తోపులాట కూడా పోయింది. ‘ఈ పుస్తకం వచ్చింది, ఆదివారం ఇందులోదే చదువుకుందాం’. రెండు పనులూ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. మిగతా పుస్తకాలు దాని వెనక వరుసగా నిలబడతాయి.

‘అద్భుతం’ అంటే ఏం తెలిసింది?

ఆ వారం షాపుకి నాలుగు పుస్తకాలు వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’, బండి నారాయణస్వామి ‘శప్తభూమి’, తల్లావజ్ఝుల పతంజలి శాస్త్రి ‘రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు’.

పుస్తకాలు తెలిసినవాళ్ళు ఇక్కడే ఆగి ‘ఇవి కొత్తవా?’ అంటారు. నిజమే, ఇవి నిన్న రాసినవి కావు. షాపులో ‘కొత్తగా వచ్చినవి’ అంటే ఈ వారం కట్ట విప్పినవి అని అర్థం. తెలుగులో మంచి పుస్తకం ఒకసారి అయిపోతే మళ్ళీ ప్రింటు పడేదాకా వెతుక్కోవాల్సిందే కాబట్టి, మళ్ళీ రావడం కూడా వార్తే. కానీ దాన్ని ‘సరికొత్త’ అని రాస్తే అబద్ధమవుతుంది. ఒకసారి అలా రాసినందుకు ఒక పెద్దాయన షాపుకొచ్చి ‘‘ఇది నేను ఎప్పుడో చదివానయ్యా’’ అని నవ్వి వెళ్ళారట. అందుకే మేం ‘షాపుకి వచ్చాయి’, ‘మళ్ళీ వచ్చాయి’ అని మాత్రమే రాయాలనుకున్నాం.

బాబాయ్ మొదట ప్రతి పుస్తకానికీ అట్ట వెనక ఉన్న నాలుగు వాక్యాలూ పెట్టేద్దామన్నారు. ఒక ప్రచురణకర్తని అడిగితే వాళ్ళు వాట్సాప్‌లో పంపారు కూడా. దాన్ని కాపీ చేసి అతికిస్తే తెలుగు రాలేదు. ఇంగ్లిష్ అక్షరాలు, కొమ్ములు, చుక్కలు కలిసిన గజిబిజి వచ్చింది. ఫోన్ పాడైందని బాబాయ్ కంగారుపడ్డారు. ఫోన్ బాగానే ఉంది. తెలుగు పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ అవుతూ వచ్చాయి. అవి యూనికోడ్ కాదు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో మాత్రమే అది తెలుగులా కనపడుతుంది. వేరే చోట అతికిస్తే లోపల దాగున్న గుర్తులు బయటపడతాయి. వీటిని మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక ఒత్తులు, అరసున్నాలు, అంకెలు ఒక్కోసారి తారుమారవుతాయి కాబట్టి ప్రతి మాటా పుస్తకంతో సరిచూసుకోవాలి.

సరిచూసుకునే ఓపిక ఉంటే సొంతంగా రాసుకోవడమే నయం అనిపించింది. అట్ట వెనక మాటలు అట్ట తిప్పిన మనిషి కోసం రాసినవి. అతని చేతిలో ఇప్పటికే పుస్తకం ఉంది. ఫోన్‌లో చూసేవాళ్ళ చేతిలో ఏమీ లేదు.

నేను బాబాయ్‌కి ఒక్కటే షరతు పెట్టాను. ఒక్కో పుస్తకానికి ఒక్క వాక్యం. అందులో ఎవరు, ఎక్కడ, ఏం జరుగుతోంది అనేవి ఉండాలి. ‘అద్భుతం’, ‘తప్పక చదవాల్సిన’, ‘మనసుకి హత్తుకునే’ ఉండకూడదు. ఈ మూడు మాటలూ ఏ పుస్తకానికైనా అతుకుతాయి కాబట్టి ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పవు.

‘కొండపొలం’కి బాబాయ్ మొదట రాసింది: ‘రాయలసీమ గ్రామీణ జీవితాన్ని ఆవిష్కరించిన గొప్ప నవల.’ దాన్ని చెరిపేసి ‘‘మీరు నాకు ఈ కథ చెప్పాలంటే ఎలా చెప్తారు?’’ అని అడిగాను. ‘‘కరువొస్తే మేతకీ నీళ్ళకీ గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారమ్మా, ఇక అడివిలోనే...’’ అంటూ మొదలుపెట్టారు. ‘‘ఆగండి, అదే రాయండి’’ అన్నాను. 2021లో దీన్ని క్రిష్ సినిమాగా తీశారు కాబట్టి ఆ సంగతి ఒక్క ముక్క చేర్చాం. కుర్రాళ్ళకి అక్కడ గుర్తుపట్టే అవకాశం ఉంటుంది.

‘శప్తభూమి’కి అవార్డు ముందు పెట్టాలా, కథ ముందు పెట్టాలా అని కాసేపు వాదించుకున్నాం. దానికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ‘రామేశ్వరం కాకులు’కి 2023లో వచ్చింది. అవార్డు చెప్పడంలో తప్పు లేదు. కొనేవాళ్ళకి ధైర్యమిస్తుంది. కానీ అవార్డుతో మొదలుపెడితే పరీక్షకి చదివే జనరల్ నాలెడ్జ్ బిట్టులా ఉంటుంది. మా షాపుకి దగ్గర్లోనే సిటీ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడ పొద్దున్నుంచి రాత్రిదాకా పోటీ పరీక్షలకి చదివే పిల్లలు నిండి ఉంటారు. వాళ్ళకి బిట్లు సరిపడా ఉన్నాయి. అందుకని కథ ముందు, అవార్డు చివర.

‘రేపు’ అనే బగ్

రెండో వారం జరిగిన తప్పు నాది. శనివారం రాత్రి పోస్టు పెట్టాను. ‘రేపు సాయంత్రం 5 గంటలకు’ అని రాశాను. ఆదివారం ఇద్దరు కొత్తవాళ్ళు వచ్చారు. సంబరపడ్డాను.

సోమవారం సాయంత్రం ఆఫీసులో ఉండగా బాబాయ్ ఫోన్. ‘‘ఎవరో అబ్బాయ్ వచ్చాడమ్మా, ఈవేళే కదా మీట్ అంటున్నాడు.’’ ఆ అబ్బాయికి మా పోస్టు ఆదివారం రాత్రి కనపడింది. అతని ‘రేపు’ సోమవారం. లైబ్రరీలో చదువు మధ్యలో ఆపుకుని వచ్చాడట. బాబాయ్ టీ ఇప్పించి పంపారు కానీ, అతను మళ్ళీ రాలేదు.

ఇన్‌స్టా ఫీడ్ టైము వరుసలో నడవదు. ఇవాళ పెట్టిన పోస్టు ఒకరికి ఇవాళ, ఇంకొకరికి మూడు రోజుల తర్వాత కనపడొచ్చు. నేను ఆఫీసులో కోడ్‌లో టైము ఎప్పుడూ పూర్తి తేదీతోనే రాస్తాను. ‘నిన్న’, ‘రేపు’ అని ఎక్కడా పెట్టను. అదే మనిషిని, క్యాప్షన్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. ‘ఈ ఆదివారం’ కూడా అంతే ప్రమాదం. వారం దాటాక చూసినవాళ్ళు వచ్చే ఆదివారం అనుకుంటారు. తేదీ, వారం రెండూ ఉండాలి. ‘నవంబర్ 16, ఆదివారం’ అని. రెండూ ఉంటే ఒకదాంట్లో మనం పొరపాటు చేసినా చదివేవాళ్ళు పట్టేస్తారు.

చిరునామా దగ్గర ఇంకో సంగతి తెలిసింది. ఇన్‌స్టా క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. బాబాయ్ పాత పోస్టుల్లో మ్యాప్ లింకు పొడుగ్గా అతికించి ఉండేది. దాన్ని ఎవరూ చేత్తో టైపు చెయ్యరు. దాని బదులు నడిచే దారి రాశాం, అదీ మెట్రో స్టేషన్ నుంచి. మ్యాప్ కావాలన్నవాళ్ళకి మెసేజ్‌లో పంపుతాం.

వాళ్ళు చెప్పని భయం

రెండో వారం వచ్చిన ఇద్దరిలో ఒకమ్మాయి పోటీ పరీక్షలకి చదువుతోంది. కథ వింటూ చాలా శ్రద్ధగా కూర్చుంది. బాబాయ్ పుస్తకం ఆమె వైపు జరిపి ‘‘ఒక పేజీ నువ్వు చదువమ్మా’’ అనగానే మొహం మారిపోయింది. ‘‘వద్దంకుల్, గొంతు బాలేదు’’ అంది. వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర నాతో మెల్లిగా అంది, ‘‘అక్కా, నాది మొదట్నుంచీ ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదవగలను, కానీ స్లోగా. అందరి ముందు చదవాలంటే భయం.’’

ఇది నాకు తట్టలేదు. మేం పిలుస్తున్నది పుస్తకాలంటే ఇష్టం ఉన్నవాళ్ళని అనుకున్నాం. కానీ ఇష్టం ఉండి, తెలుగు గడగడా చదవలేనివాళ్ళు మా వయసులో ఎంతోమంది. వాళ్ళకి ‘పఠన గోష్ఠి’, ‘సాహితీ సమావేశం’ లాంటి మాటలు చూడగానే వేదిక, శాలువా, మైకు గుర్తొస్తాయి. ‘చర్చ’ అంటే అభిప్రాయం అడుగుతారేమో, చెప్పలేకపోతే ఎలా అని భయం. ఈ భయాల్ని ఎవరూ కామెంట్‌లో రాయరు. లైకు కొట్టి ఊరుకుంటారు.

అందుకని మూడో వారం క్యాప్షన్‌లో ఒక వాక్యం చేర్చాను: ‘చదవమని ఎవర్నీ అడగం, ఊరికే వినడానికి కూడా రావచ్చు.’ దీంతోపాటు ‘విచ్చేయగలరు’ పోయి ‘రండి’ వచ్చింది. ‘ప్రవేశం ఉచితం’ పోయి ‘డబ్బులేం లేవు, పుస్తకం కొనక్కర్లేదు’ వచ్చింది. బాబాయ్‌కి ఆ చివరి మాట దగ్గర కాస్త గుండె కలుక్కుమంది. ‘‘షాపువాడినే కొనొద్దని చెప్పమంటున్నావా?’’ అన్నారు. కొనొద్దని కాదు, కొనకపోతే ఇబ్బందిపడతామన్న అనుమానం తీసెయ్యమని. కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు.

ఇంకొకటి కూడా రాయబోయి మానేశాం. ‘సీట్లు త్వరగా నిండిపోతున్నాయి’ అని. పన్నెండు కుర్చీల్లో ఐదు నిండినప్పుడు అది అబద్ధం. వచ్చి చూసినవాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. ‘పన్నెండు కుర్చీలున్నాయి’ అని ఉన్నమాట రాశాం. చిన్న కూటమి అని అర్థమవుతుంది. బిడియస్తులకి అదే కావాలి.

చివరికి రాసింది ఇదీ

మూడో వారం క్యాప్షన్ మొత్తంగా ఇస్తున్నాను.

‘దర్గామిట్ట కతలు’ మళ్ళీ వచ్చాయి. నవంబర్ 16 ఆదివారం సాయంత్రం 5కి అందులో ఒక కత కలిసి చదువుకుందాం.

ముందుగా ఏమీ చదివి రానక్కర్లేదు. చదవమని ఎవర్నీ అడగం, ఊరికే వినడానికి కూడా రావచ్చు. డబ్బులేం లేవు, పుస్తకం కొనక్కర్లేదు. పన్నెండు కుర్చీలున్నాయి, టీ ఉంది. ఆరున్నరకల్లా అయిపోతుంది.

ఈ వారం షాపుకి వచ్చినవి:

దర్గామిట్ట కతలు – మహమ్మద్ ఖదీర్‌బాబు. ఒక ముస్లిం పిల్లాడి బాల్యం, నెల్లూరు వైపు మాటతీరులో.

కొండపొలం – సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కినవాళ్ళ నవల. సినిమా చూసుంటే ఇప్పుడు అడివిని తీరిగ్గా చూడండి.

శప్తభూమి – బండి నారాయణస్వామి. 18వ శతాబ్దపు రాయలసీమ, రాజుల కన్నా మామూలు మనుషుల వైపు నుంచి. 2019 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు.

రామేశ్వరం కాకులు మరికొన్ని కథలు – తల్లావజ్ఝుల పతంజలి శాస్త్రి. నెమ్మదిగా చదివి, మళ్ళీ వెనక్కెళ్ళి చదివే కథలు. 2023 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు.

వెలలు ఫొటోల మీద ఉన్నాయి. చిక్కడపల్లి మెట్రో దిగి నడిచి రావచ్చు, దారి కోసం మెసేజ్ చెయ్యండి. వస్తున్నట్టయితే కింద ‘వస్తున్నా’ అని రాయండి, టీ లెక్క కోసం.

మొదటి పేరా లెక్కపెడితే 95 క్యారెక్టర్లు. ‘మోర్’ నొక్కనివాళ్ళకి కూడా పుస్తకం పేరు, తేదీ, టైము, ఏం చెయ్యబోతున్నాం అన్నీ తెలిసిపోతాయి. పోస్టు చేసే ముందు ఇంకో చిన్న పరీక్ష చేశాం. నా ఫోన్‌లోనూ, బాబాయ్ పాత ఫోన్‌లోనూ డ్రాఫ్టు చూసుకున్నాం. ఆయన ఫోన్‌లో అక్షరాలు పెద్దవిగా పెట్టుకున్నారు కాబట్టి అక్కడ ‘కలిసి’ దగ్గర తెగింది. అయినా నష్టం లేదు. అప్పటికే తేదీ వచ్చేసింది. తెగినా బతకాల్సినవి ముందు, తెగితే పోయినా పర్లేదనుకున్నవి వెనక.

‘వస్తున్నా’ అని రాయమన్నది టీ కోసమే కాదు. లైకు కొట్టడానికి ఆలోచన అక్కర్లేదు. ‘వస్తున్నా’ అని పేరు కనపడేలా రాయాలంటే ఆదివారం సాయంత్రం ఖాళీయేనా అని ఒక్క క్షణం ఆలోచించుకోవాలి. మాకు కావాల్సింది ఆ ఒక్క క్షణం.

పుస్తకం పేర్లు ఫొటోల మీద ఎలాగూ ఉన్నాయి కదా, మళ్ళీ టైపు చెయ్యడమెందుకని బాబాయ్ అడిగారు. ఫొటోలో ఉన్నది బొమ్మ. చూపు లేనివాళ్ళ ఫోన్లో స్క్రీన్ రీడర్ చదివేది క్యాప్షన్‌ని. అదీకాక ఎవరైనా ఈ పోస్టుని వాట్సాప్‌లో ఫ్రెండ్‌కి పంపాలనుకుంటే మాటలు కాపీ చేసుకోవడానికి వీలుండాలి. మేం కూడా అదే క్యాప్షన్‌ని షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టాం.

ఏమైంది?

లైకులు తగ్గాయి. పాత పోస్టుకన్నా బాగా తక్కువ. నమస్కారాలు పోయాయి కాబట్టి తిరుగు నమస్కారాలూ పోయాయి కాబోలు. ‘వస్తున్నా’ అని తొమ్మిదిమంది రాశారు. వచ్చింది ఏడుగురు. అందులో ఇద్దరు ‘వస్తున్నా’ అని రాయనివాళ్ళు. ముగ్గురు వాట్సాప్‌లో చూసి వచ్చినవాళ్ళు. పుస్తకాలు కొన్నది ఇద్దరు. క్యాప్షన్ ఒక్కదానివల్లే ఇదంతా జరిగిందని చెప్పలేను. సాయంత్రం తీరు మారింది, కథ మారింది, వాట్సాప్ తోడైంది. వచ్చిన ఏడుగురిని అడిగితే మాత్రం నలుగురు ఒకే మాట చెప్పారు: ‘‘చదవమని అడగం అన్నారు కదా, అందుకే వచ్చాం.’’

బాబాయ్‌ది కావలి దగ్గరే. కత ఆయనే చదివారు. షాపులో గల్లాపెట్టె దగ్గర పుస్తకం భాషలో మాట్లాడే మనిషి, ఆ సాయంత్రం తన ఊరి గొంతులోకి వెళ్ళిపోయారు. నవ్వాల్సిన చోట అందరికన్నా ముందు ఆయనే నవ్వేసి, చదవడం ఆపి, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలెట్టారు. ఆ అమ్మాయి కూడా వచ్చింది. మూలనున్న కుర్చీలో కూర్చుని విని వెళ్ళిపోయింది.

తర్వాతి రెండు వారాలూ ఆరుగురు, ఎనిమిదిమంది. ఒక వారం వాన పడి నలుగురమే ఉన్నాం. ఆ వానరోజు బాబాయ్ గొంతు నిజంగానే పట్టేసింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దగ్గుతుంటే, ఆ అమ్మాయి కుర్చీ కాస్త ముందుకి జరుపుకుంది.

‘‘ఇటివ్వండి అంకుల్. స్లోగా చదువుతా, పర్లేదా?’’

మేం ఎవరం అడగలేదు.

నెలాఖరు వచ్చింది, పోయింది. కూటమి ఆపే మాట బాబాయ్ మళ్ళీ ఎత్తలేదు. నిన్న మెసేజ్ పెట్టారు: ‘కొత్త కట్ట వచ్చింది. క్యాప్షన్ నేనే రాశాను, చూడమ్మా.’ తెరిచి చూశాను. మొదటి వాక్యంలోనే పుస్తకం పేరు, తేదీ, టైము. చివర్లో మాత్రం ఆయన మనసు ఊరుకోలేదు. ‘హృదయపూర్వక నమస్కారాలతో’ అని పెట్టారు. అది ‘మోర్’ కింద, ఎవరికీ అడ్డం రాని చోట ఉంది. అలాగే ఉంచేశాను.